"అకస్మాత్తుగా" అన్న ఒక్క మాట

అనంతపురం జిల్లాలో ఒక పాడి రైతు తన ఎనుము చనిపోయినప్పుడు బీమా కంపెనీకి రాసిన ఉత్తరం ఈమధ్య చూశాను. మొత్తం తొమ్మిది వరసలు. "నిన్నటి వరకు బాగానే ఉండి అకస్మాత్తుగా జబ్బు చేసి చనిపోయినది" అని ఐదో వరసలో ఉంది. పరిహారం మూడు నెలలు ఆగింది ఆ మాట దగ్గరే.

నిజానికి అది ఆయన మాట కాదు. జిరాక్సు షాపులో ఎవరికైనా అదే నమూనా ఇస్తారు, పేరూ ట్యాగు నంబరూ మార్చి సంతకం పెట్టిస్తారు. ఎనుము అనే మనిషి చేత "గేదె" అని రాయించడం కూడా ఆ నమూనా పనే.

జరిగిందేమిటంటే, మే 12న ఎనుము దాణా ముట్టలేదు. పూటకు నాలుగు లీటర్లిచ్చేది లీటరుకు పడింది. డాక్టరు వచ్చి సూదులేశారు. మూడు రోజులకు ముందుకాళ్ల మధ్య నీరు దిగి వాచింది, మెడ నరం తాడులా ఉబ్బింది. 18వ తేదీ రాత్రి పదకొండుకు పడిపోయింది. మర్నాడు పొద్దున కోసి చూస్తే గుండె సంచి నిండా చీము నీరు. తేనెపట్టులా గళ్లుండే రెండో పొట్టలోంచి డయాఫ్రం చీల్చుకుని గుండెదాకా పోయిన ఇనుప తీగ ముక్క దొరికింది, వేలెడంత ఉంటుంది. సెనక్కాయ కట్టెలో కలిసి వచ్చిన కంచె తీగ కావచ్చు. పశువు మేతను నమలకుండానే ముందు మింగేస్తుంది కాబట్టి తీగ నోట్లో తగలదు, లోపలికి పోయి ఆ గళ్లలో ఇరుక్కుంటుంది.

పోస్టుమార్టం నివేదిక ఇదంతా రాసింది. వైద్య ధ్రువపత్రం ఆరు రోజుల చికిత్సను తేదీలతో సహా రాసింది. రైతు ఉత్తరమేమో "అకస్మాత్తుగా" అంది. ఏది నిజమని కంపెనీ అడిగింది. అడగడం తప్పని నేననను. నిర్లక్ష్యంగా వదిలేసిన పశువుకు బీమా వర్తించదు, ఒక రోజులో పోయిందంటున్న దానికి ఆరు రోజుల చికిత్స ఎందుకని సందేహం వస్తుంది. కానీ వైద్యం చేయించానని చెప్పుకోవాల్సిన రైతే, చేయించలేదన్నట్టు వేలిముద్ర వేశాడు. జాతీయ పశుసంపద మిషన్ కింద కాగితాలన్నీ అందిన 15 రోజుల్లో సొమ్ము ఇవ్వాలన్నది నియమం. వివరణ కోరుతూ ఒక్క లేఖ వస్తే చాలు, కాగితాలు "అందనట్టే" లెక్క.

రెండో చిక్కు చెవి పోగుది. పసుపుపచ్చ ట్యాగు మీద 12 అంకెలుంటాయి. ఆవులకైతే రంగు, మచ్చలు చూసి కొంత పోల్చుకోవచ్చు. ఎనుములన్నీ నలుపే, అందుకే గుర్తింపు బరువంతా ఆ ట్యాగు మీదే. ఈ ఉత్తరంలో చివరి నాలుగంకెలు 4471 అని పడ్డాయి. నివేదికలో, చెవితో పాటు కోసి అప్పగించిన ట్యాగు మీద 4417. చేతిరాత చూసి టైపు చేసినవాడి పొరపాటది. నంబరును పాలసీ కాగితంలోంచి కాకుండా, చనిపోయిన పశువు చెవి ఫోటోలోంచి చూసి రాసుకుంటే ఈ బాధ ఉండదు. బతికుండగానే కంపకు తగిలి ట్యాగు ఊడిపోతే కొత్తది వేయించి, ఆ నంబరు పాలసీలో ఎక్కించుకోవాలి. చచ్చాక చెవికి పోగు లేకపోతే పరిహారం లేదు, ఇందులో బతిమాలుకోవడానికేమీ లేదు.

విలువ సంగతి ఉత్తరంలో ఎవరూ రాయరు. పాలసీలో రాసిన మొత్తం, జబ్బుకు ముందు పశువుకున్న మార్కెట్ ధర, ఈ రెంటిలో ఏది తక్కువైతే అదే వస్తుంది. వట్టిపోయిన ఎనుముకు, పాలిచ్చేదానికి ధర ఒకటి కాదు. అందుకే ఎన్నో ఈత, ఈని ఎన్నాళ్లయింది, జబ్బుకు ముందు పాలెన్ని అన్నది రైతే రాసుకోవాలి.

రాత్రి పదకొండుకు చనిపోతే పొద్దున చెబుదాంలే అనుకోవడం మన ఎండలకు పనికిరాదు. తెల్లారేసరికి పొట్ట ఉబ్బుతుంది, ఇంకా ఆలస్యమైతే లోపలి అవయవాలు గుర్తుపట్టలేనట్టు కుళ్లుతాయి, నివేదికలో కారణం స్పష్టంగా రాదు. కంపెనీకి రాత్రే మెసేజ్ పెడితే సమయం కూడా నమోదవుతుంది. ముక్కు, మలద్వారం నుంచి గడ్డకట్టని నల్లటి రక్తం కారుతుంటే మాత్రం దొమ్మ అనుమానంతో డాక్టరు కోయరు, చెవి నరం నుంచి రక్తపు చుక్క తీసి పరీక్షకు పంపుతారు. అప్పుడు పోస్టుమార్టం ఎందుకు లేదో ఉత్తరంలోనే చెప్పాలి.

ఆ రైతు రెండోసారి రాసిన ఉత్తరం కూడా చూశాను. తానే చెబుతుంటే కూతురు రాసింది: "12వ తేదీ పొద్దున దాణా తినలేదు. ఆ సాయంత్రమే డాక్టరు గారు వచ్చినారు. 15న ఎదకింద నీరు దిగింది. 18 రాత్రి పదకొండుకు ప్రాణం పోయింది. మూడో ఈత, ఈని నాలుగు నెలలు. చెవి పోగు చివరి అంకెలు 4417, ఫోటో జతచేసినాము." కింద వేలిముద్ర. సొమ్ము ఆగస్టులో పడింది.