చీటీ అందేసరికి ఆలస్యమైపోతుంది

తిరుపతిలో సదస్సులకు వెళ్లేవారికి ఈ తంతు అలవాటే. 20 నిమిషాలు ఇస్తే వక్త 18వ నిమిషానికి ఇంకా నేపథ్యమే చెబుతుంటారు. అధ్యక్షులు చీటీ పంపుతారు. అప్పుడు అసలు విషయాన్ని గబగబా చదివేసి ‘సమయాభావం వల్ల’ అంటూ దిగిపోతారు. సమయం ముందే తెలుసు కదా, అభావం ఎక్కడి నుంచి వచ్చింది? ఇంట్లో సాధన చేసినప్పుడు మొత్తం ఎంతసేపు పట్టిందో చూసుకుంటారు తప్ప, ఎక్కడ జారిపోయిందో చూసుకోరు.

శ్రీకాళహస్తి కలంకారీ మీద పత్రం చదవబోతున్న ఒక పరిశోధక విద్యార్థిని ఈమధ్య తన ప్రసంగ రూపురేఖలు చూపించింది. 20 నిమిషాల్లో 2 నిమిషాలు పక్కన పెట్టి 18కే లెక్క వేశాం. పరిచయం ముగిసేసరికి 2, గుడ్డ తయారీకి 6, రంగులకు 11, కళాకారుల ఆదాయానికి 16, ముగింపుకు 18 అని ప్రతి భాగం చివర, కాగితం అంచున ఎర్ర సిరాతో రాయించాను. ఏ భాగానికి ఎన్ని నిమిషాలో కాదు, అక్కడికి వచ్చేసరికి గడియారం ఎంత చూపాలో రాయాలి. వేదిక మీద నిలబడి కూడికలు చేయడం ఎవరి తరమూ కాదు.

నిలబడి, గొంతెత్తి, తడబడినా గడియారం ఆపకుండా చెప్పమన్నాను. ఎర్ర అంకెల పక్కన పడిన అసలు సమయాలు: మూడున్నర, 9, పదమూడున్నర. అంటే 11 దగ్గరే రెండున్నర నిమిషాలు ఆలస్యం. మిగిలినదంతా అనుకున్నట్లే సాగినా ఇరవైన్నర అవుతుంది. పైగా ఆమె సొంత సర్వే, అంటే ఆదాయం భాగం, ఇంకా మొదలే కాలేదు.

రంగుల దగ్గర అర నిమిషం కలిసివచ్చింది కాబట్టి తప్పు అక్కడ లేదు. వేదికపై పెద్దలందరినీ పేరుపేరునా సంబోధించడంలో నిమిషంన్నర పోయింది. (ఈ సంబోధనల జాడ్యం మీద వేరే పోస్టు రాయాలి.) కరక్కాయ, పాలు కలిపి గుడ్డను నానబెట్టే వర్ణనలో మరో నిమిషంన్నర. ‘బాగా తెలిసిన విషయం కదా సార్, వదలబుద్ధి కాలేదు’ అంది. ఎక్కువ మంది జారేది అక్కడే. వేగం పెంచితే సరిపోతుందనుకుంటారు కానీ, వేగంగా చదివిన అంకెలు ఎవరి చెవికీ ఎక్కవు. సంబోధనను ఒక్క వాక్యానికి కుదించి, నానబెట్టడాన్ని రెండు వాక్యాల్లో ముగించాం.

6 దగ్గర ఒక షరతు కూడా రాసుకుంది: ఆరున్నర దాటితే, ఇనుము, బెల్లం ఊరబెట్టి నల్లరంగు తీసే ఉదాహరణ వదిలేయాలి. ఏది వదలాలో ముందే నిర్ణయించుకోకపోతే, కంగారులో వదిలేది ముగింపునే.

మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టబోతే ఆపాను. అలా చేసేవారికి పరిచయం కంఠతా వస్తుంది, చివరి భాగం మాత్రం ఎప్పటికీ పచ్చిగానే ఉంటుంది. మార్చిన రెండు భాగాలను విడిగా, ఆదాయం నుంచి చివరిదాకా ఒకసారి చెప్పాకే మొత్తం ప్రసంగం. సదస్సు రోజున ప్రసంగం మొదలుపెట్టినప్పటి గడియారం సమయాన్ని కాగితం పైన రాసుకోవాలి. 11.40కి మొదలైతే, రంగులు ముగిసేసరికి 11.51 కావాలి.