గుడ్డ గాల్లోకి ఎగరేస్తే జాకెట్టు కాదు

మా బొటిక్‌కి వీడియో చేస్తానన్న కుర్రాడు ఇప్పుడే స్క్రిప్ట్ పంపాడు. ప్లెయిన్ గుడ్డ చూపించాలట, కత్తెర చప్పుడు వినిపించాలట, మిషన్ గిర్రున తిరగాలట, నేను గుడ్డని గాల్లోకి ఎగరేస్తే అది జాకెట్టై మోడల్ ఒంటి మీద వాలాలట. అంతా అర నిమిషం. గుడ్డ మీద చాక్‌పీసు గీతలు మురికిగా కనిపిస్తాయి కాబట్టి గీతలు లేకుండా కత్తిరించమని కింద రాశాడు. చదివినప్పటి నుంచి ఒళ్లు మండిపోతోంది.

ఆ గీతలే కదా నా పని! మిషన్ తొక్కడం ఎవరైనా నేర్చుకుంటారు. జాకెట్టు ఒంటికి పడుతుందా పడదా అనేది గీతల దగ్గరే తేలిపోతుంది. ఇలాంటి వీడియోలు చూసి వచ్చినవాళ్లే "అరగంట పనికి ఇంత కూలీనా" అని నా ముందు నిలబడి అడుగుతారు. మీలో కుట్టేవాళ్లందరికీ ఈ మాట పడే ఉంటుంది.

నన్నడిగితే మొదటి షాట్ బకెట్‌లో నానుతున్న లైనింగ్. రామా గ్రీన్ రా సిల్క్ గుడ్డ, లోపల కాటన్ లైనింగ్ అనుకోండి. కాటన్ మొదటి ఉతుకులో కుంచించుకుపోతుంది, పైగుడ్డ అంతగా కుంచించుకుపోదు. నానబెట్టకుండా కుడితే ఒక్క ఉతుక్కే లోపలి గుడ్డ లాగేసి పైన ముడతలు పడతాయి. అప్పుడు తిట్లు తినేది వీడియో తీసినవాడు కాదు, నేను. నానబెట్టి, నీడన ఆరేసి, ఇస్త్రీ చేశాకే టేపు పడుతుంది.

తర్వాత టేబుల్ మీద గీతలు. చాతీ కొలత 36 అయితే నాలుగో వంతు 9 అంగుళాలు. పక్క కుట్టు లోపల దాచడానికి ఇంకో ఒకటిన్నర, రెండు అంగుళాలు కలుపుతాను. రేపు ఒళ్లు చేస్తే విప్పుకునేది ఆ గుడ్డే. ఆ గీత మీద కెమెరా ఒక్క క్షణం ఆగితే, లోపల అంత గుడ్డ ఎందుకు వదిలానో ఎవరికైనా తెలుస్తుంది.

ముందు భాగాన్ని క్రాస్‌లో కత్తిరించడం అయితే స్క్రిప్ట్‌లో అసలు లేనే లేదు. గుడ్డని ఐమూలగా పెట్టి కోస్తే అది కొంచెం సాగి చాతీ మీద ఒదుగుతుంది. లైనింగ్ కూడా అదే ఐమూలగా కోయాలి. పైది క్రాస్, లోపలిది నిలువు అయితే రెండూ చెరో వైపు లాగి గుడ్డ ముడుచుకుంటుంది. డాట్ కొన కూడా చాతీ మొన దాకా పోకూడదు, దాదాపు అంగుళం ముందే సన్నగా ఆగిపోవాలి. లేకపోతే ముందు మొనదేలి నిలబడుతుంది, ఇస్త్రీతో కూడా పోదు.

ఇక ట్రయల్. దాన్ని "ల్యాగ్" అని కొట్టేశాడు. ఊడదీయడానికి వీలుగా పెద్ద కుట్టు వేసి తొడిగి, రెండు చేతులూ పైకెత్తమంటాను. జాకెట్టు మొత్తం పైకి లేచిందంటే చంక లోతు ఎక్కువైందని అర్థం. చాలామంది చేతులు ఆడటం లేదని చంక ఇంకా కిందికి దించమంటారు. దించితే ఇంకా పట్టేస్తుంది. కోసేసిన గుడ్డని మళ్లీ అతికించలేం కాబట్టి మొదట్లో చంక కొంచెం పైకే ఉంచి, ట్రయల్‌లో చూసుకుంటూ దించుతాను. ఇంత ముఖ్యమైన చోటు వాడికి ల్యాగ్!

వీటన్నిటికంటే నన్ను ఎక్కువ కోసింది చివరి సీను. మిషన్ ఆగగానే మోడల్ తిరుగుతుందట. మరి హెమ్మింగ్ ఎవరు చేశారు? మెడ చుట్టూ పైపింగ్‌ని లోపలికి మడిచి, పైకి కుట్టు కనిపించకుండా ఒక్కో పోగూ పట్టుకుంటూ చేతితో కుట్టింది ఎవరు? ఉక్సులు కుట్టింది ఎవరు? మా వీధిలో ఒక అక్క ఇంటిపని అయ్యాక గుమ్మంలో కూర్చుని, కళ్లు చికిలించుకుని కుడుతుంది. ఒక్కో జాకెట్టుకి ఇంత అని లెక్క. నేను ఇంకో బొటిక్‌లో పనిచేసిన రోజుల్లోనూ ఇదే చూశాను. వర్క్ బ్లౌజులకి వేలల్లో బిల్లు రాసిన ఓనరు, హెమ్మింగ్ చేసే ఆవిడ నాలుగు రూపాయలు పెంచమంటే "చేతిపనికి అంత ఎవరిస్తారమ్మా" అంది. నేను పక్కనే ఉన్నాను. ఆ మాట ఇప్పటికీ మింగుడు పడలేదు. ఆ ఓనరు కంటికీ ఆ చేతులు కనిపించలేదు, ఈ స్క్రిప్ట్‌కీ కనిపించలేదు.

అందుకే స్క్రిప్ట్ తిప్పి పంపేశాను. నానబెట్టిన లైనింగ్, చాక్‌పీసు గీతలు, ఎత్తిన చేతులు, అక్క వేళ్లు, అన్నీ ఉండాలన్నాను. మూడు నిమిషాల వీడియో ఎవరూ చూడరని ఇప్పుడే మెసేజ్ పెట్టాడు. చూడకపోతే పోనీ. అక్క ఒప్పుకుంటే వీడియో కింద నా పేరు పక్కనే ఆమె పేరూ రాయాలి, ఆ రోజు కుట్టు కూలీతో పాటు షూటింగ్ డబ్బులూ ఆమె చేతికివ్వాలి. కాదంటే కెమెరా తెచ్చుకోనక్కర్లేదు.