గాజుపెట్టెలో ఒక వీణ, అటక మీద ఒక వీణ

నిన్న అమ్మకు 60 ఏళ్లు నిండాయి. బెంగళూరు నుంచి అన్నయ్య పంపిన కానుకను అందరి ఎదుటా విప్పితే, అందులో గాజుపెట్టెలో బిగించిన జానెడు బొబ్బిలి వీణ ఉంది. "మళ్ళీ వీణ వాయించాలని ఉందన్నావు కదమ్మా, అందుకే!" అని అన్నయ్య ఫోన్ తెర మీద మురిసిపోతుండగా, వదిన దాని ఫొటోను మా కుటుంబ గ్రూపులో పెట్టేసింది. అమ్మ మూత తీసి, చూపుడువేలితో తీగను నెమ్మదిగా మీటింది. అది పలకలేదు.

ఆ బొమ్మ వీణలను చెక్కే గొల్లపల్లి పనివారి మీద నాకు గౌరవమే తప్ప ఫిర్యాదు లేదు. సభకు వచ్చిన మంత్రిగారికి శాలువాతో పాటు ఇవ్వడానికి అంతకంటే మంచి జ్ఞాపిక దొరకదు. మా అమ్మ మంత్రి కాదు. పెళ్లికి ముందు వర్ణాల దాకా నేర్చుకుని, ఆ తరువాత మా చదువులూ నానమ్మ మంచమూ చూసుకుంటూ ఆపేసిన మనిషి. మొన్న సంక్రాంతికి ఆమె అడిగింది ఒక్కటే: "అటక మీది వీణకు మేళం కట్టిస్తే మళ్ళీ మొదలుపెడతాను." ఆ మాట అన్నయ్య కూడా అరిసెలు తింటూ విన్నాడు.

మేళం కట్టడమంటే ఏమిటో తెలియకపోతే అడగవచ్చు కదా! వీణ దండి మీద ఉండే 24 మెట్లను మేకులతో కొట్టరు. మసి కలిపిన తేనెమైనంలో కూర్చుతారు. ఎండకు కాగిన శ్లాబు కింద ఏళ్ల తరబడి పడి ఉంటే ఆ మైనం మెత్తబడి, మెట్లు వెంట్రుకవాసి చొప్పున జరుగుతాయి. ఈ ఉదయం నేను వీణను దించి తుడిస్తే, అమ్మ పంచమం తీగను ముందు వట్టిగా మీటి, తరువాత 12వ మెట్టు దగ్గర నొక్కి మీటింది. అక్కడ అదే పంచమం పై స్థాయిలో పలకాలి. అది కాస్త దిగి పలికింది. "మైనం జారిందే" అంది. ఇది కొవ్వొత్తి కరిగించి ఇంట్లో అతికించుకునే పని కాదు. తెలిసినవారు పాత మైనం తీసి, కొత్తది పరిచి, ఒక్కొక్క మెట్టునూ చెవితో సరిచూస్తూ నిలపాలి.

మొదటి తీగ అయిన సారణి మీద కాకుండా పంచమం మీద ఎందుకు చూసిందని మీరు అడగవచ్చు. సారణి అసలు లేదు. పదో తరగతిలో సైన్సు ప్రదర్శనకు థర్మోకోల్ కోసే యంత్రం చేస్తానని, ఆ ఉక్కు తీగను ఊడదీసింది మా అన్నయ్యే. రెండో బహుమతి వచ్చింది. ఆ ప్రశంసాపత్రం ఇప్పటికీ హాల్లో పటం కట్టి ఉంది. వీణ మాత్రం ఆ వారమే, అతని చదువుబల్లకు చోటు చాలదని, దుప్పట్లో చుట్టుకుని అటక ఎక్కింది. అమ్మ అప్పుడూ ఏమీ అనలేదు, నిన్నా ఏమీ అనలేదు. ఆ మౌనాన్ని మా ఇంట్లో సంతోషమని లెక్క వేసుకుంటారు.

నన్ను నేను మినహాయించుకోవడం లేదు. పోయినేడాది ఆమె పుట్టినరోజుకు నేను ఇచ్చింది దోసెల పెనం.

ఇప్పుడు ఆమెకు నిజంగా కావలసినవి చూడండి. మేళం కట్టించడం, కొత్త తీగలు, వారానికి రెండు పాఠాలకు గురువుగారి రుసుము. కింద కూర్చుంటే మోకాళ్లు సహకరించవు కనుక, కుర్చీలో కూర్చుని వాయించడానికి వీణను నిలిపే ఎత్తైన పీట. వీటికి తోడు ఏ దుకాణంలోనూ దొరకనిది మరొకటి ఉంది. ఇన్నేళ్ల విరామం తరువాత ఎడమచేతి చూపుడు, మధ్య వేళ్ల కొసలు మళ్ళీ కాయలు కాయాలి. అంతవరకు తీగ చర్మాన్ని కోస్తుంది, రోజుకు పావుగంటకు మించి వాయించలేరు. గిన్నెలు తోమి నానిన వేళ్లతో కూర్చుంటే ఆ పావుగంట కూడా సాగదు. అంటే సాయంత్రం పూట ఆ ఇంట్లో గిన్నెలు మరెవరైనా తోమాలి. ఈ కానుకను గాజుపెట్టెలో పెట్టి కొరియర్‌లో పంపడం కుదరదు కనుక, ఎవరికీ తోచలేదు.

మేళం కట్టే ఆయన గురువారం వస్తానన్నారు; డబ్బు నేను ఇస్తున్నాను. అన్నయ్య పంపిన వీణ టీవీ పక్కన వెలుగుతోంది. గాజు మీద దుమ్ము త్వరగా కనబడుతుందని, అమ్మ ఇవాళ అప్పుడే రెండుసార్లు తుడిచింది.