కనుమను పోల్చే వీడియోలో కొలత ఎక్కడ తప్పుతుంది

చంద్రగిరి మండలం ఎ.రంగంపేటలో కనుమ నాడు వీధికి ఇరువైపులా జనం కిక్కిరిసి ఉండగా, కొమ్ములకు చెక్క పలకలు కట్టిన పశువులను గుంపులుగా వదులుతారు. పరుగెత్తి వచ్చే పశువును నిలువరించి ఆ పలకను చేజిక్కించుకోవాలని యువకులు పోటీ పడతారు. ఊరివాళ్లు దీన్ని పశువుల పండుగ అంటారు. వార్తల్లో మాత్రం ఎక్కువగా జల్లికట్టు అనే పేరే కనిపిస్తుంది. మదురై దగ్గరి పాలమేడులో అదే సమయంలో, మాట్టుప్పొంగల్ నాడు జరిగే జల్లికట్టు తీరు వేరు. అక్కడ వాడివాసల్ అనే ఇరుకు ద్వారం గుండా ఎద్దులను ఒక్కొక్కటిగా వదులుతారు; మూపురాన్ని వాటేసుకుని పట్టు సడలకుండా నిలవడం అక్కడి పందెం. రెండింటికీ ఒకే పేరు పెట్టిన క్షణంలోనే ఒకటి అసలుగా, మరొకటి దాని నకలుగా చూసేవారి మనసులో స్థిరపడిపోతాయి. తక్కువ ఎక్కువలు చెప్పకూడదని ఎంత అనుకున్నా, పోలిక ఇలా పేరు దగ్గరే పక్కకు ఒరుగుతుంది.

తిరుపతిలో డిగ్రీ చదువుతున్న మా అన్న కొడుకు నిరుడు కనుమ మీద తొంభై సెకన్ల వీడియో ఒకటి చేసి, ఎవరికీ పంపకముందు నాకు చూపించాడు. రంగంపేటకు 46 సెకన్లు, పాలమేడుకు 18, మైసూరు ప్రాంతానికి 14, కోనసీమకు 12 సెకన్లు ఇచ్చాడు. "మనూరిది గొప్పదని నేనెక్కడా అనలేదు కదా చిన్నాయనా" అన్నాడు. నిజమే, మాటల్లో ఎక్కడా అనలేదు. కానీ రంగంపేట దృశ్యాలు తాను దగ్గర నిలబడి తీసినవి కావడంతో ముఖాలు, అరుపులు, దుమ్ము అన్నీ కనిపిస్తున్నాయి; మిగిలినవి దూరం నుంచి ఎవరో తీసినవి, పైగా వాటి సొంత శబ్దం తీసేసి ఒకే సంగీతం వేశాడు. ఒక చోట మనుషులు, మిగతా చోట్ల వింతలు అన్నట్టుగా తయారైంది.

అంతకన్నా లోతైన తప్పు అతను వేసుకున్న ప్రశ్నలో ఉంది. 'కనుమ నాడు పశువుకు ఏం చేస్తారు' అన్నది అతని కొలత. చిత్తూరు పల్లెల్లో పెరిగినవాడికి అది సహజమైన ప్రశ్నే, ఎందుకంటే ఇక్కడ ఆ రోజు పశువులను కడిగి, కొమ్ములకు రంగులు పూసి, పొలాల్లో పొలి చల్లుతారు. కోనసీమ జగ్గన్నతోటలో మాత్రం కనుమ నాడు పదకొండు గ్రామాల రుద్రులు ప్రభలపై ఒకచోట కొలువు తీరుతారు. వాటిలో కొన్నింటిని జనం భుజాల మీద మోస్తూ కాలువ నీటిలోంచి దాటిస్తారు. పశువు అనే కొలతతో చూస్తే ఆ మహా సమావేశం గురించి చెప్పడానికి ఏమీ మిగలదు. అందుకే అతని వ్యాఖ్యానంలో "ఇక్కడ పశువుల పండుగ కనిపించదు" అనే వాక్యం వచ్చింది. ఒక ప్రాంతాన్ని దానికి లేనిదానితో పరిచయం చేయడం కంటే స్పష్టమైన తక్కువచూపు నాకు తోచదు.

ప్రశ్నను 'ఆ రోజు ఊరంతా దేని చుట్టూ చేరుతుంది' అని మార్చాం. అప్పుడు రంగంపేటలో పలక కట్టిన కొమ్ము, పాలమేడులో వాడివాసల్, జగ్గన్నతోటలో ప్రభ, మైసూరు ప్రాంతంలో మంట, దేనికది నిండు సమాధానంగా నిలిచాయి. మైసూరు దగ్గర చిన్న చిక్కు వచ్చింది. అక్కడ అలంకరించిన పశువులను గడ్డి మంట మీదుగా దూకించే 'కిచ్చు హాయిసువుదు' సంక్రాంతి రోజు సాయంత్రమే జరుగుతుంది, కనుమ నాడు కాదు. ఆ మంటను చూడగానే తెలుగువారికి భోగిమంట గుర్తుకొస్తుంది కానీ, భోగిమంట సంక్రాంతికి ముందురోజు తెల్లవారకముందు వేసేది, అందులో పాత వస్తువులు కాలుస్తారు. రెండు మంటలను పక్కపక్కన చూపి వదిలేస్తే అబద్ధం చెప్పినట్టే. కాబట్టి ప్రతి దృశ్యం మీదా రోజు, వేళ రాయాలని నిర్ణయించాం.

కొత్త కూర్పులో ఆరంభానికి 6 సెకన్లు, నాలుగు చోట్లకూ ఇరవయ్యేసి, చివరికి 4 సెకన్లు పెట్టాడు. 'అసలైన', 'ఇంకా', 'మాత్రమే' అనే మాటలను వ్యాఖ్యానంలోంచి తీసేశాడు. 'ఇంకా చేస్తున్నారు' అంటే మిగిలినవాళ్లు ముందుకు వెళ్లిపోయారని అర్థం వస్తుంది. గాయాల సంగతి దాచాలా అని అడిగాడు. దాచకూడదు, కానీ పాలమేడు దగ్గర మాత్రమే చెప్పి రంగంపేట దగ్గర మౌనంగా ఉండకూడదన్నాను. పశువులను పట్టే రెండు చోట్లా మనుషులు గాయపడతారు, రెండు చోట్లా పశువు బెదురుతుంది. ఆ విషయాన్ని రెంటికీ ఒకే వాక్యంలో, ఒకే స్వరంతో చెప్పాడు.

సమాన నిడివి ఇచ్చాక కోనసీమ దృశ్యం ఇరవై సెకన్లకు చాలలేదు. అమలాపురం నుంచి వచ్చి తనతో చదువుతున్న కుర్రాడిని అడిగితే, వాళ్ల నాన్న ప్రభ మోసేటప్పుడు భుజం మీద మడిచి వేసుకునే తువ్వాలు గురించి చెప్పాడు. ఆ మాటలను అతని గొంతుతోనే రికార్డు చేసి ప్రభల దృశ్యం మీద పెట్టాడు.