అల్ట్రావైడ్ సపోర్ట్ అని రాసి, తలా కాళ్లూ కోసి చూపిస్తారా?

రాత్రి ఒక గేమ్ కొన్నాను. స్టోర్ పేజీలో అల్ట్రావైడ్ సపోర్ట్ ఉందని స్పష్టంగా రాసి ఉంది, ఆ ముక్క చూసే డబ్బు కట్టాను. నాది మామూలు వాటికంటే వెడల్పైన 34 అంగుళాల 3440x1440 మానిటర్. గేమ్ తెరిస్తే స్క్రీన్ అంతా నిండింది. పక్కల నల్ల పట్టీలు లేవు, మనుషులు అడ్డంగా సాగలేదు. కానీ ఏదో తేడా కొడుతోంది. హీరో వీపు మీదికొచ్చి కూర్చున్నట్టు కెమెరా మరీ దగ్గరగా ఉంది. మోకాళ్ల కింద కాళ్లే లేవు. మెట్లు దిగుతుంటే అడుగు ఎక్కడ పడుతోందో తెలియదు.

అనుమానం వచ్చి, హీరోని ఒక గదిలో కదలకుండా నిలబెట్టి స్క్రీన్‌షాట్ తీశాను. తర్వాత గేమ్‌ని విండో మోడ్‌లో 2560x1440కి మార్చి, అదే చోట ఇంకొకటి తీశాను. రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే ఒళ్లు మండిపోయింది. ఎడమ పక్క తలుపు, కుడి పక్క స్తంభం రెండు బొమ్మల్లోనూ అంచుల్లో ఒకే చోట ఉన్నాయి. మామూలు 16:9 బొమ్మలో మాత్రం అదనంగా హీరో పాదాలున్నాయి, పైన దూలానికి వేలాడే గంట ఉంది. అంటే పెద్ద మానిటర్ కొన్నవాడికి పక్కల ఒక్క అంగుళం కూడా ఎక్కువ చూపించలేదు, పైనా కిందా ఉన్నది కాస్తా కోసేశారు. కిటికీ వెడల్పు చేయించమని మేస్త్రీకి డబ్బిస్తే, వెడల్పు అలాగే ఉంచి పైనా కిందా ఇటుకలు పేర్చి వెళ్లిపోయినట్టుంది.

సపోర్ట్‌కి మెయిల్ పెడితే పొద్దున్నే జవాబు వచ్చింది. మానిటర్ సెట్టింగ్స్ ఒకసారి సరిచూసుకోమన్నారు. బొమ్మ గీసేది మీ గేమ్. మీరు గీసి పంపింది చూపించడం తప్ప మానిటర్ ఏం చేస్తుంది? గంటని మీరు గీయకపోతే నా మానిటర్ ఎక్కణ్ణుంచి తెస్తుంది?

మనలో చాలామంది దీన్ని గుర్తుపట్టరు, అందుకే వీళ్ల ఆటలు సాగుతున్నాయి. కాబట్టి విషయం పూర్తిగా చెప్తాను. ఫీల్డ్ ఆఫ్ వ్యూ, పొట్టిగా ఎఫ్‌ఓవీ, అంటే గేమ్‌లోని కెమెరా ఎంత కోణంలో చూస్తోందన్నది. దానికి అడ్డం ఒక కోణం, నిలువు ఒక కోణం ఉంటాయి. స్క్రీన్ ఆకారం మారినప్పుడు రెండిట్లో ఒకదాన్ని మార్చకుండా ఉంచి, రెండోదాన్ని లెక్కగట్టాలి. నిలువు కోణాన్ని ఉంచేస్తే స్క్రీన్ వెడల్పయ్యేకొద్దీ పక్కల ఎక్కువ కనిపిస్తుంది. దీన్ని హార్ ప్లస్ అంటారు, మనం డబ్బు పెట్టింది దీనికే. అడ్డం కోణాన్ని ఉంచేస్తే స్క్రీన్ వెడల్పయ్యేకొద్దీ పైనా కిందా కోత పడుతుంది. దీని పేరు వెర్ట్ మైనస్. రాత్రి నాకు అంటగట్టింది ఇదే.

లెక్క వేసి చూడండి. 16:9 స్క్రీన్ మీద అడ్డం కోణం 90 డిగ్రీలు అనుకుందాం. అప్పుడు నిలువు కోణం దాదాపు 59 డిగ్రీలు వస్తుంది. ఆ 59ని అలాగే ఉంచి 3440x1440కి వెళ్తే అడ్డం కోణం దాదాపు 107 డిగ్రీలకి పెరగాలి. అది న్యాయమైన పద్ధతి. వెర్ట్ మైనస్ గేమ్ అడ్డం 90 దగ్గరే ఆపేస్తుంది, నిలువు 45కి పడిపోతుంది. స్క్రీన్ మీద ప్రతి వస్తువూ ఉండాల్సిన దానికంటే మూడో వంతు పెద్దదిగా కనిపిస్తుంది. దగ్గరగా వచ్చి కూర్చున్నట్టు ఉండటానికి కారణం ఇదే. గేమ్‌లో ఎఫ్‌ఓవీ స్లైడర్ ఉంటే 107కి జరిపి పోయిన పాదాలు తెచ్చుకోవచ్చు. కానీ వెనక నుంచి చూసే థర్డ్ పర్సన్ గేముల్లో చాలావాటికి స్లైడరే ఉండదు. ఉన్నా 100 దగ్గరే ఆగిపోయేవి ఉన్నాయి.

ఇంతకీ ఇది సరిచేయడం ఎంత పనో తెలుసా? అసలు మంట అక్కడే. గేములు తయారుచేసే యూనిటీ ఇంజిన్‌లో కెమెరా కోణం మామూలుగా నిలువుదే, కాబట్టి ఎవరూ వేలు పెట్టకపోతే అల్ట్రావైడ్‌లో పక్కల ఎక్కువే కనిపిస్తుంది. అన్‌రియల్ ఇంజిన్‌లో ముందే పెట్టి ఉన్న పద్ధతి అడ్డం కోణాన్ని నిలిపి ఉంచేది. దాన్ని మార్చకుండా వదిలేస్తే గేమ్ వెర్ట్ మైనస్‌గా బయటికొస్తుంది. మార్చడానికి కావాల్సింది ఇంతే:

```
[/Script/Engine.LocalPlayer]
AspectRatioAxisConstraint=AspectRatio_MaintainYFOV
```

విండోస్‌లో `%LOCALAPPDATA%` తెరిచి, గేమ్ ఫోల్డర్‌లో `Saved\Config` లోపల ఉండే `Engine.ini` చివర ఈ రెండు లైన్లు అతికించి సేవ్ చేయండి. చాలా అన్‌రియల్ గేముల్లో పనిచేస్తుంది. ఏదైనా కెమెరాకి డెవలపర్ విడిగా వేరే పద్ధతి పెట్టి ఉంటే అక్కడ పనిచేయదు. కట్‌సీన్లలో కూడా చాలాసార్లు ఇదే గతి, ఎందుకంటే ఆ కెమెరాని 16:9కే బిగించి పెడతారు. నా గేమ్‌లో ఆట వరకు కుదిరింది, పాదాలు వచ్చాయి, గంట వచ్చింది. డబ్బు కట్టినవాడు ఇంట్లో కూర్చుని రెండు లైన్లతో చేసుకున్నది, అంత మంది కూర్చుని టెస్టింగ్ చేసిన కంపెనీకి చేతకాలేదా? ఒక్కసారి అల్ట్రావైడ్ మానిటర్ మీద ఆడి చూసినవాడు ఒక్కడైనా ఉంటే ఇది బయటికొచ్చేదా?

పట్టీలు వేసేవాళ్ల మీద నాకు ఇంత కోపం లేదు, వాళ్లు కనీసం అబద్ధం చెప్పరు. వాలొరాంట్ అడ్డం కోణాన్ని అందరికీ 103 డిగ్రీల దగ్గర కట్టేసి, అల్ట్రావైడ్ మీద పక్కల పట్టీలు వేస్తుంది. 3440లో రెండు వైపులా 440 పిక్సెళ్లు నలుపే, అంటే స్క్రీన్‌లో పావు వంతు పోయినట్టు. అయినా ఒప్పుకుంటాను. పోటీ ఆటలో మూల దగ్గర నక్కినవాడు నాకు కనిపించి అవతలివాడికి కనిపించకపోతే అది న్యాయం కాదు. వాళ్లు కారణం చెప్పారు, ఆ కారణం నిజం.

ఎల్డెన్ రింగ్ సంగతి మాత్రం వేరు. 2022లో వచ్చింది, 16:9 తప్ప ఇంకోటి ఒప్పుకోదు. గేములకి సొంత మార్పులు చేసే మాడర్లు తవ్వి చూస్తే గేమ్ పక్కల భాగం కూడా గీస్తోందనీ, గీసిన దాని మీద నల్ల పట్టీలు కప్పుతోందనీ తేలింది. నా గ్రాఫిక్స్ కార్డు కష్టపడి గీసిన బొమ్మని నాకే చూపించరా? అదే కంపెనీ 2019లో సెకిరోకి అల్ట్రావైడ్ ఇచ్చింది, 2023లో ఆర్మర్డ్ కోర్ 6కి ఇచ్చింది. చేతకాక కాదన్నమాట. మాడ్‌తో ఆ పట్టీలు తీసేయొచ్చు, కాకపోతే యాంటీ చీట్ ఆపేసి ఆఫ్‌లైన్‌లో ఆడుకోవాలి. ఒంటరిగా అడవిలో గుర్రమెక్కి తిరిగేవాడికి ఎవరితో పోటీ ఉందని ఈ కట్టుబాట్లు?

ఈ గొడవంతా చెప్తుంటే మా బావ ఏమన్నాడో తెలుసా, గ్రాఫిక్స్ డ్రైవర్‌లో ఫుల్ స్క్రీన్ పెట్టుకో, నిండిపోతుంది కదా అన్నాడు. నిండుతుంది, మనిషి మాత్రం 34 శాతం లావెక్కుతాడు! 2560 పిక్సెళ్ల బొమ్మని 3440కి సాగదీస్తే జరిగేది అదే. మీకు అలా కనిపిస్తుంటే తప్పు గేమ్‌ది కాకపోవచ్చు. ఎన్విడియా కంట్రోల్ ప్యానెల్‌లో `Adjust desktop size and position` తెరిచి, స్కేలింగ్‌ని `Full-screen` నుంచి `Aspect ratio`కి మార్చండి, స్కేలింగ్ చేసేది `GPU` అని పెట్టండి. అప్పటికీ సాగితే మానిటర్ మెనూలో కూడా ఇలాంటి సెట్టింగ్ ఒకటి ఉంటుంది, అది చూడండి.

సాగిందో లేదో కంటితో తేల్చుకోవద్దు, స్కేలు పెట్టి కొలవండి. గేమ్‌లో గుండ్రటి మినీమ్యాప్ ఉంటే అడ్డం ఎంత, నిలువు ఎంత చూడండి. రెండూ సమానమైతే బొమ్మ సాగలేదు. స్క్రీన్ అంచుల్లో నిలబడ్డ మనుషుల్ని చూసి మాత్రం తీర్పు ఇవ్వకండి. 107 డిగ్రీల కోణాన్ని చదునైన స్క్రీన్ మీద పరిస్తే అంచుల్లో వస్తువులు ఎలాగూ అడ్డంగా సాగుతాయి, సరిగ్గా చేసిన గేమ్‌లో కూడా. అది రేఖాగణితం, దానికి ఎవర్నీ తిట్టలేం.

సాగదీసిన బొమ్మని జనం ఇంత తేలిగ్గా ఎలా ఒప్పుకుంటారో నాకు మొదట్నుంచీ అర్థం కాదు. కొత్తగా వెడల్పు టీవీలు వచ్చినప్పుడు మన ఇళ్లలో పాత 4:3 చానెళ్లని అలాగే లాగి పెట్టుకుని చూశారు. ఏళ్ల తరబడి ఎన్టీఆర్, ఏఎన్నార్ మొహాలు గుమ్మడికాయల్లా కనిపించాయి. రిమోట్ తీసుకుని నేను సరిచేస్తే, పక్కన ఖాళీ వదిలేశావేంటని మళ్లీ లాగేసేవాళ్లు.

ఇప్పుడు ఆ పాత సినిమాలు సరే, కొత్త సినిమాల పరిస్థితి చూడండి. మన తెలుగు సినిమాలు చాలావరకు స్కోప్, అంటే 2.39. నా 3440ని 1440తో భాగిస్తే కూడా 2.39. సినిమా కోసమే కొలిచి చేసినట్టున్న స్క్రీన్ ఇది! కానీ యూట్యూబ్‌లో సినిమా పెట్టేవాళ్లు పైనా కిందా నల్ల పట్టీలు వీడియోలోనే కలిపేసి 16:9 ఫైల్‌గా ఎక్కిస్తారు. ప్లేయర్‌కి అది నలుపని తెలియదు, బొమ్మే అనుకుని పక్కల తన పట్టీలు తను వేస్తుంది. ఇక నాలుగు వైపులా నలుపే. మధ్యలో సినిమాకి మిగిలేది 2560x1071, నా స్క్రీన్‌లో 55 శాతం. మిగతా 45 శాతం చీకటి.

డౌన్‌లోడ్ చేసుకున్న ఫైల్ అయితే వీఎల్‌సీలో `c` మళ్లీ మళ్లీ నొక్కి పట్టీలు కోసేయొచ్చు. బ్రౌజర్‌లో జూమ్ చేసే ఎక్స్‌టెన్షన్లు కూడా ఉన్నాయి. కానీ సబ్‌టైటిల్స్‌ని ఆ కింది పట్టీలోనే అచ్చేసి ఉంటే, పట్టీతో పాటు అవీ పోతాయి. మా ఇంట్లో తెలుగు అంతంతమాత్రంగా వచ్చే పిల్లలతో కూర్చుంటే ఆ సబ్‌టైటిల్స్ కోసం చీకట్లోనే చూడాలి. పట్టీలు లేకుండా 3840x1608 దరిదాపుల్లో ఫైల్ ఎక్కించండి బాబూ, ఏ టీవీకి ఎంత పట్టీ కావాలో యూట్యూబ్ ప్లేయరే వేసుకుంటుంది. ఎడిటింగ్ టైమ్‌లైన్‌లో సైజు మార్చే ఆ ఒక్క పని చేయకుండా, కోట్లు పెట్టి తీసిన సినిమాని డబ్బాలో పెట్టి చూపిస్తున్నారు.