ఏఐ బొమ్మ పుస్తకం అట్ట మీదికి ఎక్కాలంటే: 300 కొడితే సరిపోదు

“ఏఐ బొమ్మ ప్రింట్‌కి ఇవ్వడానికి టెన్షన్ పడక్కర్లేదు. ఫోటోషాప్‌లో రెజల్యూషన్ 72 ఉన్నచోట 300 కొట్టండి. మోడ్ సీఎంవైకేకి మార్చండి, స్క్రీన్ మీద చూసినట్టే పడుతుంది. బ్లీడ్ సంగతి ప్రెస్‌వాళ్లు చూసుకుంటారు. పీడీఎఫ్ చేసి పంపేయండి, అంతే.”

సొంత ఖర్చుతో పుస్తకం వేసుకునే రచయితలు ఒకరికొకరు పంపుకుంటున్న సలహా ఇది. ఒక్కో ముక్కా తీసి చూద్దాం. గాల్లో మాట్లాడకుండా ఒక అట్టనే ముందు పెట్టుకుందాం. కథల పుస్తకం, డెమ్మీ సైజు, అంటే కోసిన తర్వాత ఐదున్నర అంగుళాల వెడల్పు, ఎనిమిదిన్నర ఎత్తు. బొమ్మ: రాత్రిపూట ఊరి చెరువు, ముదురు నీలం ఆకాశం, గట్టు మీద లాంతరు పట్టుకున్న అమ్మాయి. ఏఐ ఇచ్చిన ఫైలు 1024 × 1536 పిక్సెళ్లు.

ముందు ఆ 300 సంగతి. ఫైల్లో ఉండే 72 గానీ 300 గానీ బొమ్మలో ఉన్న సమాచారం కాదు. ఈ పిక్సెళ్లను ఎంత జాగాలో పరవాలో చెప్పే చీటీ మాత్రమే. Image Size పెట్టెలో Resample టిక్కు తీసేసి 300 కొడితే ఒక్క పిక్సెల్ కూడా పెరగదు. బొమ్మ సైజు 3.4 × 5.1 అంగుళాలకు కుంచించుకుపోతుంది, అంతే. దాన్ని లాగి అట్టంతా పరిస్తే మళ్లీ మొదటికే వస్తాం. టిక్కు ఉంచి కొడితే ఫైలు 4267 × 6400 అయి కూర్చుంటుంది. చూడ్డానికి ఘనంగా ఉంటుంది గానీ, ఒక్కో అసలు పిక్సెల్ స్థానంలో ఇప్పుడు సుమారు 17 ఉన్నాయి. అవన్నీ పక్కవాటిని చూసి సాఫ్ట్‌వేర్ అంచనా కట్టినవే. లాంతరు చిమ్నీ అంచు పదునెక్కదు, మసక కాస్తా పెద్ద మసక అవుతుంది.

అడగాల్సిన ప్రశ్న వేరు: ఈ బొమ్మ కాగితం మీద పరుచుకున్నాక అంగుళానికి ఎన్ని పిక్సెళ్లు పడుతున్నాయి? బ్లీడ్, అంటే కోతలో పోయేందుకు చుట్టూ వదిలే అదనపు బొమ్మ, కలుపుకుంటే మన అట్టకు 5.75 × 8.75 అంగుళాల బొమ్మ కావాలి. 1536ను 8.75తో భాగిస్తే సుమారు 175. పేజీలు పేర్చే ఇన్‌డిజైన్‌లో బొమ్మను పెట్టాక Links ప్యానెల్‌లో Effective PPI అని చూపించేది ఈ అంకెనే. దాని పక్కనే Actual PPI అని ఇంకో అంకె ఉంటుంది. సలహాలో చెప్పినట్టు మార్చుకునేది దాన్నే, ప్రింటుకు దానితో పని లేదు.

అయితే 300 కూడా శిలాశాసనమేం కాదు. ప్రెస్‌లో బొమ్మను వరసల కొద్దీ చుక్కలుగా విడగొట్టే జల్లెడ లాంటిదాన్ని కూడా స్క్రీన్ అనే అంటారు. ఆర్ట్ పేపర్ మీద ఆఫ్‌సెట్‌లో మామూలుగా వాడేది అంగుళానికి 150 గీతలు. దానికి ఒకటిన్నర నుంచి రెండింతల పిక్సెళ్లు ఉంటే చాలు, అంటే 225 నుంచి 300 వరకు. న్యూస్‌ప్రింట్‌కు స్క్రీన్ ఇంకా ముతక కాబట్టి మన 175 అక్కడ హాయిగా నడుస్తుంది. దూరం నుంచి చూసే ఫ్లెక్సీకి అంత కూడా అక్కర్లేదు. చేతిలో పట్టుకుని చూసే అట్టకు మాత్రం 175 తక్కువే. ఆకాశంలో, నీళ్లలో తేడా తెలియదు. అమ్మాయి కనురెప్పల్లో, చీర అంచు జరీలో, గట్టు మీది గడ్డిపరకల్లో తెలుస్తుంది.

225కి చేరాలంటే 1.28 రెట్లు పెంచితే సరి, 300కి 1.71 రెట్లు. ఈ మాత్రం పెంపును ఫోటోషాప్‌లోని Preserve Details 2.0 బాగానే మోస్తుంది. ఏఐ అప్‌స్కేలర్లు ఇంకా పదునుగా పెంచుతాయి గానీ అవి లేనిదాన్ని కల్పిస్తాయి. జరీ గీతలు అల్లిక తప్పి పాముల్లా మెలికలు తిరుగుతాయి, దూరంగా ఉన్న మొహానికి ఎవరివో కళ్లు వస్తాయి. పెంచాక 100 శాతం జూమ్‌లో మొహం, వేళ్లు, నగలు వరసగా చూడాలి. ఫోన్ తెర మీద చూసి ఓకే అనడం చూడడం కిందికి రాదు.

ఇక రంగు. సలహాలో అసలు ప్రమాదం ఇక్కడే ఉంది, ఎందుకంటే మోడ్ మార్చమనడం సగం నిజం. స్క్రీన్ వెలుతురుతో రంగు చూపిస్తుంది, కాగితం తన మీద పడిన వెలుతురులోంచి ఇంకు మింగగా మిగిలినదాన్ని చూపిస్తుంది. సయాన్, మెజెంటా, పసుపు, నలుపు ఇంకులతో రాని రంగులు స్క్రీన్ మీద బోలెడు. ఏఐ బొమ్మలకేమో సరిగ్గా ఆ రంగులంటేనే మోజు: మెరిసే నీలం, నియాన్ పచ్చ, వెలిగే ఊదా.

మన ఆకాశంలో చంద్రుడి చుట్టూ మెరిసే నీలం ఉందనుకోండి. స్క్రీన్ వాడే ఎరుపు, పచ్చ, నీలం లెక్కలో, అంటే ఆర్‌జీబీలో, 0, 0, 255 లాంటిది. ఫలానా ఇంకు, కాగితం మీద రంగులు ఎలా పడతాయో చెప్పే పట్టికను ప్రొఫైల్ అంటారు. ఫోటోషాప్ నార్త్ అమెరికా సెట్టింగ్‌లో ఉండే స్వాప్ ప్రొఫైల్‌కు మారిస్తే అది సయాన్ 88 శాతం, మెజెంటా 77 శాతం అవుతుంది. మెజెంటా అంత దగ్గరికి వస్తే కాగితం మీద పడేది నీలం కాదు, వంకాయ రంగు. “ప్రెస్‌వాడు రంగు చెడగొట్టాడు” అనే గొడవల్లో చాలావాటికి మూలం ఈ రెండు అంకెలే. నీలం నీలంగా ఉండాలంటే సయాన్ కంటే మెజెంటా కనీసం 30 దాకా తక్కువ ఉండాలి. Selective Color తెరిచి, Blues ఎంచుకుని మెజెంటాను 55 దరిదాపులకు దించితే మెరుపు రాదు గానీ రాత్రి ఆకాశం రాత్రి ఆకాశంలా ఉంటుంది.

రంగు మారడం ఒక్కటే అయితే ఏదోలా సర్దుకోవచ్చు. దాని వెనకే ఇంకో నష్టం ఉంది. లాంతరు చుట్టూ వెలుగు మెల్లమెల్లగా చీకట్లో కలిసే చోట పది రకాల మెరుపు ఛాయలుంటాయి. ఇంకుకు అందని ఛాయలన్నిటినీ అందే చివరి రంగు దగ్గరికే తోసేస్తే, మెల్లగా కలవాల్సింది కాస్తా ఒక చదునైన మచ్చ అయి, దానికో అంచు కనిపిస్తుంది. Relative Colorimetric పద్ధతిలో జరిగేది ఇదే. Perceptual పద్ధతి మొత్తం ఛాయలను కలిపి లోపలికి జరుపుతుంది కాబట్టి మిగతా రంగులు కాస్త నీరసపడినా వెలుగు వెలుగులా మిగులుతుంది. ఇలాంటి బొమ్మలకు రెండోదాన్నే ముందు ప్రయత్నిస్తాను.

ఇదంతా మోడ్ మార్చకముందే చూసుకోవచ్చు. ప్రెస్‌కు ఫోన్ చేసి ఏ ప్రొఫైల్ కావాలో అడగండి. ఆర్ట్ కార్డుకు ఒకటి, మ్యాప్‌లితో లాంటి పూత లేని కాగితానికి ఇంకొకటి ఉంటుంది. View మెనూలో Proof Setup, అందులో Custom తెరిచి ఆ ప్రొఫైల్ పెట్టండి. Gamut Warning వేస్తే ఇంకుకు అందని చోట్లన్నీ బూడిద రంగులో కనిపిస్తాయి. మన బొమ్మలో ఆకాశం సగం బూడిదైపోతే ఆశ్చర్యపోకండి. రంగులు ఆర్‌జీబీలో ఉండగానే దిద్దుకుని, చివర్లో Convert to Profile తో ఒక్కసారే మార్చాలి. ఒకసారి సీఎంవైకే చేశాక మళ్లీ ఆర్‌జీబీకి తెచ్చినా పోయిన రంగు తిరిగి రాదు, అందుకే అసలు ఫైలు పక్కన ఉంచుకోవాలి. కొన్ని డిజిటల్ ప్రెస్‌లు ఆర్‌జీబీ ఫైలే అడుగుతాయి, అది కూడా ఆ ఫోన్‌లోనే తేలిపోతుంది. అట్టకు మ్యాట్ లామినేషన్ వేయిస్తుంటే రంగులు ఇంకో పిసరు అణుగుతాయని లెక్క వేసుకోండి.

నలుపు గురించి ఒక్క మాట. ఆర్‌జీబీ నలుపు అదే స్వాప్ ప్రొఫైల్‌లో 75, 68, 67, 90 అవుతుంది, మొత్తం 300 శాతం ఇంకు. ఆకాశానికి ఫర్వాలేదు. అదే నలుపుతో వెనక అట్ట మీద చిన్న అక్షరాలు వేస్తే నాలుగు ప్లేట్లూ వెంట్రుకవాసి కూడా కదలకుండా పడాలి. కాస్త కదిలితే తలకట్లకు రంగు నీడలు వస్తాయి, వత్తులు పూడుకుపోతాయి. కాబట్టి అక్షరాలను బొమ్మలో కలపకుండా పేజీ మేకప్‌లో విడిగా, ఒక్క నలుపు 100తో పెట్టాలి. 

బ్లీడ్‌ను ప్రెస్‌వాళ్లు చూసుకుంటారా? చూసుకుంటారు, తమ పద్ధతిలో. కటింగ్ మిషన్ కింద పుస్తకాల దొంతర ఒక మిల్లీమీటరు అటూఇటూ కావడం మామూలే. బొమ్మ సరిగ్గా కోత గీత దగ్గరే ఆగిపోతే అంచున తెల్ల గీత కనిపిస్తుంది. అందుకే చుట్టూ 3 మిల్లీమీటర్లు అదనపు బొమ్మ కావాలి. మీరివ్వకపోతే వాళ్ల చేతిలో ఉన్న మార్గం ఒకటే: ఉన్న బొమ్మను నాలుగైదు శాతం సాగదీసి అంచులు కోసేయడం. అప్పుడు పైన అంచుకు ఆనించి పెట్టిన పేరు తలకట్లు తెగుతాయి. తప్పు వాళ్లది కాదు, లేని బొమ్మను వాళ్లెక్కణ్ణుంచి తెస్తారు?

కాబట్టి ఇది బొమ్మ తయారు చేయించేటప్పుడే తేల్చుకోవాల్సిన విషయం. మన 1024 × 1536 ఫైలు అదృష్టం కొద్దీ అట్ట కొలతకు దగ్గరగా ఉంది. బ్లీడ్‌గా పోయేది అంచున 22 పిక్సెళ్లు మాత్రమే, వెడల్పులో ఇంకొంచెం. అదే చదరపు బొమ్మ తెస్తే ఎత్తుకు సరిపెట్టేసరికి వెడల్పులో మూడో వంతు గాలికి పోతుంది, పిక్సెళ్లు అంగుళానికి 117కి పడిపోతాయి. పొడుగు బొమ్మ అడగండి, అంచుల దగ్గర ఆకాశం, నీళ్లు లాంటివే ఉండేలా చూడండి. అమ్మాయి చేయి, లాంతరు, అక్షరాలు కోత గీతకు కనీసం 5 మిల్లీమీటర్లు లోపల ఉండాలి. బొమ్మ చాలకపోతే ఫోటోషాప్‌లోని Generative Expand తో అంచులు పెంచుకోవచ్చు, కానీ కొత్తగా వచ్చిన పట్టీ గరుకుదనం పాతదానితో కలిసిందో లేదో అతుకు దగ్గర చూడాలి.

ఏఐకి ఇష్టమైన ఇంకో అలవాటు బొమ్మ చుట్టూ ముగ్గులాంటి బోర్డరు. కోత గీతను ఆనుకుని 4 మిల్లీమీటర్ల బోర్డరుంటే, ఒక్క మిల్లీమీటరు జరిగినా ఒకపక్క 3, ఇంకోపక్క 5 అవుతుంది. అది ఎవరి కంటికైనా ఆనుతుంది. దాన్ని తీసేయడమే మేలు.

పీడీఎఫ్ చేయమన్నది మంచి మాటే, ఏ పీడీఎఫ్ అన్నది చెప్పలేదు. Smallest File Size అని ఎంచుకుంటే బొమ్మ 100 పీపీఐకి పడిపోతుంది, రంగులు మళ్లీ ఆర్‌జీబీ అయిపోతాయి. ఇంత కష్టమూ బూడిదలో పోసినట్టే. పంపేముందు కంప్యూటర్లో పీడీఎఫ్‌ను పరీక్షించే పాప్లర్ టూల్స్ ఉంటే ఈ రెండు కమాండ్లు నడపండి:

```
pdfimages -list cover.pdf
pdfinfo -box cover.pdf
```

మొదటిది x-ppi, y-ppi అనే వరసల్లో నిజమైన అంకె చూపిస్తుంది, color వరసలో cmyk అని గానీ, icc అని ఉంటే పక్కన comp వరసలో 4 అని గానీ ఉందో లేదో కూడా తెలుస్తుంది. రెండోదాంట్లో BleedBox అనేది కోత కొలత చెప్పే TrimBox కంటే ప్రతి పక్కా దాదాపు 8.5 పాయింట్లు పెద్దదిగా ఉండాలి, 3 మిల్లీమీటర్లంటే అంతే. రెండూ ఒకటే అంకెలు చూపిస్తే బ్లీడ్ ఎగుమతి కాలేదన్నమాట. ఎక్స్‌పోర్ట్ పెట్టెలో Use Document Bleed Settings టిక్కు పెట్టి మళ్లీ తీయండి. వాట్సాప్‌లో పంపేటప్పుడు అట్టను ఫోటోగా కాకుండా ఈ పీడీఎఫ్‌ను డాక్యుమెంట్‌గానే పంపండి.