సవరణ: ఎస్‌డీ కార్డు లాగర్‌లో క్లాక్ సంగతి, f_sync సంగతి

“మీరు చెప్పినట్టు ఎస్‌పీఐ క్లాక్ 20 మెగాహెర్ట్జ్‌కి పెంచాను. అయినా రాత వేగం పెద్దగా పెరగలేదు, ఎందుకు?”

క్లాక్ పెంచాల్సిన చోటు ముందుగా సరిచూసుకోండి. పవర్ ఇచ్చాక సీఎస్ పైన ఉంచి కనీసం 74 క్లాకులు పంపాలి. CMD0 కి 0x01 వచ్చాక CMD8, ఆ తర్వాత 0x00 వచ్చేదాకా ACMD41. ఇదంతా 400 కిలోహెర్ట్జ్ దాటకుండానే జరగాలి, వేగం పెంచేది ఆ తర్వాతే. ఈ దశలోనే తొందరపడితే కొన్ని కార్డులు పనిచేస్తాయి, కొన్ని మొరాయిస్తాయి.

మీ దగ్గర అసలు ఆలస్యం ఫైల్‌సిస్టమ్‌లో ఉంది. పాత కోడ్‌లో ప్రతి రికార్డుకీ f_sync ఉంది, దాన్ని మార్చాలి. రికార్డు 32 బైట్లే అయినా, f_sync పిలవగానే 512 బైట్ల డేటా సెక్టార్ మొత్తం కార్డులోకి వెళ్తుంది. ఫైల్ సైజు మారింది కాబట్టి డైరెక్టరీ సెక్టార్ కూడా మళ్లీ రాయాలి. అంటే 16 రికార్డులకి కనీసం 32 సెక్టార్ రాతలు. 16 కీ ఒకేసారి సింక్ చేస్తే రెండు చాలు.

```c
if (++n % 16 == 0) f_sync(&fil);
```

512 బైట్లు పంపడానికి 20 మెగాహెర్ట్జ్ దగ్గర పట్టేది 0.2 మిల్లీసెకనే. ఆ తర్వాత కార్డు మిసో లైన్‌ని కిందికి లాగి బిజీగా ఉండే సమయం మాత్రం క్లాక్‌తో తగ్గదు. లాజిక్ అనలైజర్ పెడితే ఆ ఖాళీ స్పష్టంగా కనిపిస్తుంది.

మధ్యలో కరెంటు పోతే చివరి 16 రికార్డుల దాకా పోవచ్చు. అది ఒప్పుకోలేని చోట సంఖ్య తగ్గించండి.